"చెక్ చేసి కంటిన్యూ చెయ్యండి" అని రాసి లాగౌట్ అయిపోయేవాళ్లకి

నాకు తెల్లారేసరికి మా కొలీగ్‌కి అర్ధరాత్రి. ఆయన రాసి పడుకున్న మెయిలే ఆ రోజుకి నాకు దిక్కు. ఒకరోజు అందులో ఉన్నదంతా ఇంతే: "డేటా మైగ్రేషన్ దాదాపు అయిపోయింది. ఏదో ఎర్రర్ వచ్చింది. చెక్ చేసి కంటిన్యూ చెయ్యండి."

దాదాపు అంటే ఎంతండీ? లాగ్ తెరిస్తే చివర్న ఇది కనిపించింది:

```
Lock wait timeout exceeded; try restarting transaction
```

మళ్ళీ మొదలుపెట్టమని ఎర్రరే చెప్తోంది కదా, నడిపేస్తే పోలా అనిపిస్తుంది. కానీ ఇప్పటికే వెళ్ళిన రికార్డులను ఆ స్క్రిప్టు వదిలేస్తుందా, మళ్ళీ ఎక్కిస్తుందా? రెండోదైతే ఒక్కో కస్టమర్ రెండేసి సార్లు పడతాడు. అడుగుతూ మెయిల్ పెట్టాను. ఆయన వాళ్ల సాయంత్రానికెప్పుడో అది చూసి, "ఏ ఐడీ దగ్గర ఆగిందో చూశారా?" అని ఎదురు ప్రశ్న వేసేసరికి నేను నిద్రలో ఉన్నా. అటో ప్రశ్న, ఇటో ప్రశ్న, రెండు రోజులు హరీ.

ఆయన రాయాల్సింది ఇదీ:

"కస్టమర్ ఐడీ 4,20,000 వరకు కమిట్ అయింది. 14:10 యూటీసీకి ఆగింది. మొదటి నుంచి నడపకండి, డూప్లికేట్లు పడతాయి. 4,20,001 నుంచి నడపండి. అదే ఎర్రర్ మళ్ళీ వస్తే బ్యాచ్ సైజు 5000 నుంచి 1000కి తగ్గించండి. అయినా ఆగితే వదిలేసి, వెళ్ళినంతవరకు పాత, కొత్త టేబుళ్లలో రికార్డుల లెక్క సరిచూడండి. ఇవన్నీ నన్ను అడగకుండా చేసెయ్యండి. పాత టేబుల్ మాత్రం నేను వచ్చేదాకా డిలీట్ చెయ్యకండి."

రాయడానికి పది నిమిషాలు పడుతుందేమో. నేను అడగబోయే ప్రశ్నలకి జవాబులు ముందే ఉన్నాయి. అన్నిటికంటే నాకు కావాల్సింది "అడగకుండా చేసెయ్యండి" అన్న ముక్క. చాలాసార్లు ఏం చెయ్యాలో అవతలివాళ్లకి తెలుసు, చెయ్యొచ్చో లేదో తెలీదు. పాడైతే ఎవరి మెడకి చుట్టుకుంటుందోనన్న టెన్షన్‌తో చేతులు కట్టుకుని కూర్చుంటారు.

అన్నట్టు, "రేపు పొద్దున్నకల్లా" అని రాసే మహానుభావులూ ఉన్నారు. ఎవరి పొద్దున్న? మార్చిలో అమెరికా గడియారాలు యూరప్ కంటే ముందే మారతాయి. ఆ రెండు మూడు వారాలు అలవాటైన తేడా లెక్క కూడా తప్పుతుంది. తేదీతో సహా యూటీసీలో రాస్తే ఈ గొడవే ఉండదు. ఇక మెయిల్‌లో లింకు పెట్టి పర్మిషన్ ఇవ్వడం మర్చిపోతే, నేను నొక్కిన యాక్సెస్ రిక్వెస్ట్ నిద్రపోతున్న మనిషికే వెళ్తుంది.

ఆ మైగ్రేషన్ మూడో రోజున పూర్తయింది. బ్యాచ్ సైజు 1000కి తగ్గించానంతే, ఇంకేం ముట్టుకోలేదు.