ఆ 55 శాతంలో చేతులే లేవు

"మీ ప్రసంగంలో మాటల ప్రభావం కేవలం 7 శాతం! గొంతు 38, బాడీ లాంగ్వేజ్ 55. అందుకే: 1. మాట్లాడుతున్నంతసేపూ చేతులు కదుపుతూనే ఉండండి. 2. చేతులు కట్టుకున్నవాడు ఏదో దాస్తున్నట్టే. 3. స్టేజి ఎక్కే ముందు 2 నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే హార్మోన్లు మారి ధైర్యం వస్తుంది. 4. మీ వీడియో మీరే సౌండ్ ఆపేసి చూసుకోండి. పదిమందికీ పంపండి."

పంపారు, సంతోషం. ఈ వాట్సాప్ ఫార్వర్డ్ అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, స్కూలు బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా పెదనాన్నగారు కూడా పంపారు. మొహం, గొంతు లేని ఒట్టి అక్షరాలు విశాఖంతా చుట్టేశాయంటే ఆ ఏడు శాతం గట్టి పిండమే.

ఆ అంకెలు 1967లో అమెరికాలో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్, ఆయన సహచరులు చేసిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. ఒకదాంట్లో విడివిడి మాటలను రకరకాల గొంతుల్లో వినిపించారు. రెండోదాంట్లో "మేబీ" అన్న ఒక్క మాటకు మొహాల ఫొటోలు జతచేశారు. మాట ఒకటి, మొహం ఇంకొకటి చెబుతుంటే ఎదుటివాడి ఇష్టాయిష్టాలను దేన్నిబట్టి పోల్చుకుంటామన్నదే ప్రశ్న. అక్కడ ప్రసంగం లేదు, చేతులు అసలే లేవు. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడినప్పుడు తప్ప తన లెక్క పనికిరాదని మెహ్రాబియనే చెప్పాడు.

రెండో పాయింటు: మన ఆడిటోరియంలలో ఏసీ కింద కూర్చున్నవాళ్లందరూ చేతులు కట్టుకునే ఉంటారు. పాపం, అందరూ దొంగలే. మూడోది: 2010 నాటి పరిశోధన అది. 2015లో ఇంకా ఎక్కువమందితో మళ్లీ చేస్తే హార్మోన్లు కదల్లేదు. 2016లో దాని మొదటి రచయిత్రి డానా కార్నీయే ఆ ప్రభావం నిజమని తను నమ్మట్లేదని రాసింది. సరదాకైతే నిలబడండి, తెర వెనకాల.

నాకు మండేది మొదటి పాయింటు. దాని పుణ్యాన మా మేనకోడలు ఒక స్కూల్లో తుపానుల గురించి మాట్లాడుతూ పావుగంటసేపు చేతిని గిరగిరా తిప్పింది. హుద్‌హుద్ గాలులు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరిగాయని నోరు సరిగ్గానే చెప్పింది. తర్వాత బొమ్మ గీయమంటే చాలామంది పిల్లలు ముళ్ల దిశలోనే బాణాలు వేశారు. తన వైపు నుంచి ఎదురు దిశ, ఎదురుగా కూర్చున్నవాళ్లకు ముళ్ల దిశే కదా! మాట, చెయ్యి చెరోదారి పట్టినప్పుడు వినేవాళ్లు చేతిలోని తప్పును కూడా కథలో కలిపేసుకుంటారు. మాట్లాడేటప్పటి చేతి కదలికలను పరిశోధించిన డేవిడ్ మెక్‌నీల్ బృందం 1990లలో చేసిన ప్రయోగాల్లో ఇదే తేలింది.

"అలా కాదమ్మా, నీకు ముళ్ల దిశలో తిప్పు, వాళ్లకు సరిగ్గా కనిపిస్తుంది" అన్నాను. సముద్రం కూడా అంతే. మ్యాపులో తూర్పు చూసేవాళ్ల కుడివైపు ఉంటుంది, అంటే తన ఎడమచెయ్యి వైపు. తుపాను ఎడమచేతి నుంచి బయల్దేరి కుడివైపుకు రావాలి.

అసలు విషయం ఇంకోటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్లకు తెలుసు: మొదట ఒక దిక్కు నుంచి గాలి, తుపాను కన్ను మీదికి రాగానే కాసేపు ప్రశాంతం, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి గాలి. బయటికెళ్లొద్దని చెప్పాల్సింది ఆ మధ్య ఘడియలోనే. చేతితో చూపించాలంటే ఒకవైపు బలంగా తొయ్యాలి, "ఆగిపోయింది" అన్న మాట మీద చేతిని ఉన్నచోటే నిలిపెయ్యాలి, ఒక ఊపిరి పట్టేంతసేపు అలాగే ఉంచాలి, తర్వాత వెనక్కి తొయ్యాలి. పావుగంట నుంచి ఊగుతున్న చెయ్యి ఆగినా ఎవరికీ ఆనదు. ఆ ముందు కథంతా చెయ్యి నడుం దగ్గర ఊరుకుని ఉంటేనే ఈ నిలుపు కనిపిస్తుంది.

టైమింగ్ కూడా ముఖ్యమే. చెయ్యి లేవడం మాటకు కాస్త ముందే మొదలై, అసలు విసురు ఒత్తి పలికే మాటతో కలవాలి. మాట అయిపోయాక చెయ్యి లేచిందంటే బట్టీపట్టినట్టు ఇట్టే తెలిసిపోతుంది. చేతిమైకు ఉంటే ఆ చెయ్యి గెడ్డం దగ్గర్నుంచి కదలకూడదు, లేకపోతే గొంతు వచ్చీపోతూ ఉంటుంది.

ఇక నాలుగోది. దీన్నీ ఉతికేద్దామనే కూర్చున్నాను గానీ, అది నిజంగా మంచి సలహా. మేనకోడలి వీడియోను సౌండ్ ఆపేసి చూశాం. తుపాను ఎటు నుంచి వచ్చిందో, ఎక్కడ ఆగిందో చేతిని చూసి పోల్చుకోలేకపోయాం. ఆ తర్వాత కళ్లు మూసుకుని సౌండుతో విన్నాం, అన్నీ అర్థమయ్యాయి. తప్పు స్క్రిప్టులో లేదని, చేతిలోనే ఉందని అలా తేలింది. కాబట్టి ఈసారి ఫార్వర్డ్ చేసేటప్పుడు పై మూడూ చెరిపేసి నాలుగోది ఒక్కటే పంపండి. పెదనాన్నగారికి నేను చెప్తాను.