మామగారు విన్న ఫోను

నేను వైస్ ప్రెసిడెంటును. మీరు లేచి నిలబడనక్కర్లేదు. విదేశీ బ్యాంకుల హైదరాబాదు కార్యాలయాల్లో పదేళ్లకు పైగా ఓపికగా కంప్యూటర్ ముందు కూర్చున్న చాలామందికి ఈ హోదా వస్తుంది. మా ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా వేడి చేసుకునే వరుసలో ఎటు చూసినా వైస్ ప్రెసిడెంట్లే. నా కింద పనిచేసేది ఒక ఇంటర్న్. అతనూ జూలై వరకే.

ఈ సంగతి మా మామగారికి తెలియదు. ఆయన డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. మా గృహప్రవేశం కార్డు మీద నా పేరుకంటే హోదాను పెద్ద అక్షరాల్లో వేయించారు.

మొన్న ఆయన్ను తెనాలిలో దింపడానికి కారులో బయలుదేరాం. చౌటుప్పల్ దాటాక ఫోను వచ్చింది. అది కారు స్పీకరుకు కలిపి ఉందని గుర్తొచ్చేలోపే ఒక అమ్మాయి గొంతు కారంతా నిండిపోయింది.

“సార్, మీ వివరాలు చూశాం. మా కంపెనీలో సీనియర్ ఇంజినీరు స్థాయికి సరిగ్గా సరిపోతారు.”

వెనక సీట్లో పులిహోర నోటిదాకా వెళ్లి ఆగింది. “మెయిల్ పెట్టండమ్మా” అని పెట్టేశాను. నార్కట్‌పల్లి దాకా ఎవరూ మాట్లాడలేదు.

“రివర్షనా బాబూ?” అన్నారు చివరికి, చావు కబురు అడిగినంత మెల్లగా. “ఏదైనా ఎంక్వైరీ నడుస్తోందా?”

సూర్యాపేటలో కాఫీకి ఆగినప్పుడు ఆవేశంగా జవాబు రాశాను. ‘ఇప్పటికే వైస్ ప్రెసిడెంటుగా ఉన్న నన్ను సీనియర్ ఇంజినీరుగా పిలవడం...’ అని మొదలైంది. మామగారు కళ్లజోడు సర్దుకుని చదివి, ఫోను తిరిగి ఇచ్చారు.

“ఇది అర్జీలా లేదు, శాపంలా ఉంది. నేను ఒకసారి తహసీల్దారుకు పూర్తి అదనపు బాధ్యతలు చూశాను. కుర్చీ తహసీల్దారుది, జీతం డిప్యూటీది. కుర్చీ పేరు తర్వాత అడుగు. ఫైలు మీద చివరి సంతకం ఎవరిదో ముందు అడుగు.”

కాఫీ చల్లారిపోయింది. నా ఫైళ్ల మీద చివరి సంతకం లండన్‌లో ఉన్న ఒకాయనది. నేను డిజైన్ రాసి పంపుతాను, ఆయన వారం తర్వాత అందులో ఒక కామా మార్చి ఒప్పుకుంటారు. అంటే నేను ఇన్నాళ్లూ వైస్ ప్రెసిడెంటు పేరుతో గుమాస్తాగిరీ చేస్తున్నానన్నమాట. ఇది మాత్రం మామగారికి చెప్పలేదు.

పాత జవాబు చెరిపి, కొత్తది ఆయన పర్యవేక్షణలో రాశాను:

‘నమస్తే. బ్యాంకుల హోదాలు, మీ స్థాయిలు ఒకదానికొకటి సరిపోలవని తెలుసు. అందుకే పేరు పక్కన పెట్టి పని గురించి అడుగుతున్నాను. ఈ ఉద్యోగంలో డిజైన్ మీద తుది నిర్ణయం ఎవరిది? అది ఒక బృందానికే పరిమితమా, ఇతర బృందాలూ దానిపై ఆధారపడతాయా? నేను ఎవరికి రిపోర్ట్ చేయాలి? నేను అడిగిన జీతం ఈ స్థాయి జీతాల పరిధిలో ఎక్కడ పడుతుంది? స్థాయి ఇప్పటికే ఖరారైందా, ఇంటర్వ్యూ తర్వాత నిర్ణయిస్తారా?’

“‘చిత్తగించగలరు’ అని ముగించు” అన్నారు మామగారు. ముగించలేదు.

రెండు రోజులకు ఆ అమ్మాయి ఫోను చేసింది. ఈసారి బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. చెల్లింపుల విభాగంలో మూడు బృందాలు వాడే భాగానికి డిజైన్ బాధ్యత పూర్తిగా నాదేనట, పైవాళ్ల సంతకం అక్కర్లేదట. నోరూరింది. జీతం మాత్రం ఆ స్థాయి పరిధిలో పై అంచుకు దగ్గర. ఇప్పుడు వినడానికి బాగుంటుంది కానీ, పై అంచున చేరినవాడికి పదోన్నతి వచ్చేదాకా ఇంక్రిమెంట్లు చీమ తలకాయంత వస్తాయి.

“ఆరు నెలల్లో ప్రమోషన్ చూద్దాం సార్” అంది.

“ఆఫర్ లెటర్లో రాస్తారా అమ్మా?”

“అలా రాయరు సార్.”

“అయితే మూడు బృందాల పని పై స్థాయి పనే కదా. ఆ స్థాయికే ఇంటర్వ్యూ చేయండి. తక్కువైతే అప్పుడు దించండి.”

మేనేజరును అడిగి మర్నాడు చెప్పింది. స్థాయి ఇంకా ఖరారు కాలేదట. అదనంగా ఒక డిజైన్ రౌండు పెడతారు, స్థాయి దాన్నిబట్టి తేలుతుంది. విజిటింగ్ కార్డు మీద ‘లీడ్ ఇంజినీర్’ అని వేసుకోవడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదట. పేరు ఇవ్వడానికి ఖర్చేముంది!

మామగారికి ఫోను చేసి చెప్పాను. చాలాసేపు ఆలోచించారు.

“సంతకం నీదేనా?”

“నాదే మామయ్యగారూ.”

“మంచిది. ఇంటర్వ్యూ ఎప్పుడు?”

“శనివారం, వీడియోలో.”

“శుక్రవారం రాత్రి బస్సుకే వస్తాను. కెమెరాలో కనబడకుండా పక్కన కూర్చుంటాలే” అన్నారు.