సవరణ: భరతుడు ఉన్నది అయోధ్యలో కాదు

"లక్ష్మణుడు అడవిలో కష్టపడ్డాడు సరే, భరతుడు అయోధ్యలో సుఖంగానే ఉన్నాడుగా అన్నా?" అని గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

నా పాత పోస్టులో భరతుడు అయోధ్యలో ఉన్నాడని రాశాను, ఆ వాక్యం మార్చాను. భరతుడు ఉన్నది నందిగ్రామంలో, నారచీరలు కట్టి, జడలు పెంచి. ఏ రాచకార్యం వచ్చినా ముందు అన్న రాముడి పాదుకలకు విన్నవించేవాడు. లక్ష్మణుడికి అన్న కళ్ళెదుటే ఉన్నాడు, పంచవటిలో పర్ణశాల వేయాలన్నా "చోటు నువ్వే చూపించు" అని అడిగి మరీ వేశాడు. భరతుడికి ఆ వీలు లేదు. నిర్ణయాలన్నీ తనే తీసుకోవాలి, రాజ్యం మాత్రం తనదనుకోకూడదు, నాకైతే ఇదే ఎక్కువ కష్టం అనిపిస్తుంది. 14 ఏళ్ళయ్యాక ఆ పాదుకలు అన్న కాళ్ళకు తానే తొడిగి, ఖజానా, ధాన్యం కొట్లు, సైన్యం పదింతలయ్యాయి చూసుకోమని అప్పజెప్పాడు.