మొక్కల నెత్తిన పందిరి కాదు, ముందు పిట్టగోడకు నీడ కావాలి

మిద్దె మీద మొక్కలు కమిలిపోతుంటే చాలామంది ముందుగా నెత్తిన షేడ్ నెట్ కడతారు. గాలి విసురుగా ఉందనిపిస్తే ఒక పక్కన రేకులు నిలబెడతారు. చాలా మిద్దెల మీద ఈ రెండూ సగం పనే చేస్తాయి. రెండోదైతే ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. మొక్కకు తగిలే వేడిలో ఎంతో భాగం ఆకాశం నుంచి నేరుగా రాదు. గోడ, గచ్చు దాన్ని పట్టి ఉంచుకుని తర్వాత మొక్కకు అందిస్తాయి. కాబట్టి నెట్ కొనే ముందు, ఏ గోడ ఏ వేళకు వేడెక్కుతోందో చూసుకోవాలి.

ఒక మిద్దెను ఉదాహరణగా తీసుకుందాం. తూర్పు పడమరలుగా 8 మీటర్లు, చుట్టూ మీటరు ఎత్తు పిట్టగోడ. తూర్పు గోడ వారగా ఒక వరుస కుండీలు, పడమటి గోడ వారగా మరో వరుస. పడమటి ఎండ గట్టిది కాబట్టి పడమటి వరుసే ముందు దెబ్బతింటుందని అనుకుంటాం. నిజానికి జరిగేది దానికి తలకిందులు. పడమటి పిట్టగోడ లోపలి ముఖం తూర్పుకు చూస్తుంది. దానికి తగిలేది ఉదయపు ఎండే. సూర్యుడు పడమట 45 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి ఆ గోడ నీడ మీటరు పొడవున లోపలికి పడుతుంది, 30 డిగ్రీలకు 1.7 మీటర్లు దాటుతుంది. ఆ వరుసకు సాయంత్రం పూట గోడే గొడుగు.

తూర్పు పిట్టగోడ లోపలి ముఖం పడమరకు చూస్తుంది. గాలి బాగా వేడెక్కిన వేళకే దానికి ఎదురుగా ఎండ తగులుతుంది, ముందున్న గచ్చు మీద పడిన వెలుగు కూడా తిరిగి దాని మీదికే వస్తుంది. గట్టి ఎండలో కాంక్రీటు ఉపరితలం చుట్టూ ఉన్న గాలికన్నా 15 నుంచి 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. పొద్దు గుంకినా ఆ వేడి వెంటనే పోదు. గోడ లోపలికి ఇంకిన వేడి రాత్రి కొన్ని గంటలపాటు బయటికి వస్తూనే ఉంటుంది. రాత్రి 8 గంటలకు అరచేతిని గోడకు రెండు అంగుళాల దూరంలో, తాకకుండా పెట్టండి. రెండు గోడలకూ తేడా చేతికే తెలుస్తుంది. నీడలో వేలాడదీసిన థర్మామీటరు రెండు చోట్లా దాదాపు ఒకే అంకె చూపించవచ్చు. అది గాలి వేడిని కొలుస్తుంది, గోడ నుంచి ఆకు మీదికి వచ్చే సెగను కాదు.

ఇప్పుడు పందిరి సంగతి. ఆ తూర్పు వరుస మీద 2.5 మీటర్ల ఎత్తున, గోడ నుంచి 3 మీటర్ల వెడల్పున షేడ్ నెట్ కట్టారనుకుందాం. మధ్యాహ్నం అది బాగానే కాపాడుతుంది. సూర్యుడు పడమట 30 డిగ్రీలకు దిగినప్పుడు, అర మీటరు ఎత్తున్న మొక్కల దగ్గర దాని నీడ దాదాపు 3.5 మీటర్లు తూర్పుకు జరిగిపోతుంది. అంటే ఆ ఎత్తున నీడ మొత్తం పిట్టగోడ దాటిపోతుంది. నెట్ సరిగ్గా నెత్తిన ఉన్నా, కింద కుండీలకూ గోడలో ఎక్కువ భాగానికీ పూర్తి ఎండ తగులుతూనే ఉంటుంది. నెట్ నాసిరకమని ఇంకా చిక్కటిది కొంటారు. దానివల్ల మధ్యాహ్నపు వెలుగు తగ్గి మొక్క సాగిపోతుంది, సాయంత్రం సెగ మాత్రం తగ్గదు.

ఇక్కడ కావలసింది నిలువు నీడ. గోడకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంగా చెక్క తడకో, 50 శాతం షేడ్ నెట్టో నిలబెట్టి, పైనా కిందా తెరిచి ఉంచాలి. వెనక వేడెక్కిన గాలి పైకి పోతూ ఉంటే కింది నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. నెట్‌ను గోడకు ఆనించి కడితే ఈ ప్రవాహం ఉండదు, నెట్ వేడి కూడా గోడకే ఎక్కుతుంది. కుండీలను ఆ తడకకు ఇంకో 30 సెంటీమీటర్లు ముందుకు జరిపి, గచ్చుకు తగలకుండా నాలుగు ఇటుక ముక్కల మీద నిలపాలి. నల్ల ప్లాస్టిక్ కుండీ పడమటి ఎండకు నిలబడితే ఆ పక్క మట్టి 40 డిగ్రీలు దాటగలదు. అంత వేడిలో చాలా మొక్కల వేర్లు నీరు తీసుకోలేవు. అందుకే మట్టి తడిగా ఉన్నా సాయంత్రం ఆకులు వాలిపోతాయి. దాన్ని దాహం అనుకుని మళ్లీ నీళ్లు పోస్తే వేర్లు కుళ్లుతాయి. వేలిని మట్టిలోకి 5 సెంటీమీటర్లు దించి చూడండి. తడి తగిలితే నీళ్ల చెంబు పక్కన పెట్టి కుండీకి నీడ చూడాలి.

గోడ మీద నీళ్లు చల్లితే సరిపోదా అని అడుగుతారు. చదరపు మీటరు ఇటుక గోడలో పై 10 సెంటీమీటర్లు 10 డిగ్రీలు చల్లబడాలంటే సుమారు అర లీటరుకు పైగా నీరు పూర్తిగా ఆవిరవ్వాలి, అదీ గోడ వేడితోనే. చల్లిన నీటిలో ఎక్కువ భాగం జారిపోతుంది, కొంత గాలికే ఆరిపోతుంది. తొలి పావుగంట హాయిగా ఉంటుంది, అంతే. సున్నం వేస్తే గోడ వేడి నిజంగానే తగ్గుతుంది. కానీ అది వెనక్కి కొట్టే వెలుగు పక్కనే ఉన్న లేత ఆకుల మీద పడుతుంది. ఆకులు గోడ వైపు మాత్రమే పాలిపోయి, అంచులు కాలుతున్నాయంటే కారణం అదే. తెల్ల గోడ ముందు తీగ పాకించిన తడక ఉంటే ఆ చిక్కు తీరుతుంది.

గాలి విషయంలో తప్పు ఇంకోలా జరుగుతుంది. పడమటి నుంచి వీచే గాలిని ఆపాలని పిట్టగోడ మీద మరో మీటరు రేకు నిలబెడతారు. గాలి దాన్ని ఎక్కి దాటి, వెనక సుడి తిరుగుతూ మిద్దె మధ్యలో కిందికి దిగుతుంది. రేకు పక్కనున్న మొక్కలు కదలవు, మూడు నాలుగు మీటర్ల అవతలివి మాత్రం ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఊగి చిరుగుతాయి. సగం ఖాళీ ఉన్న తడక గాలిలో కొంత భాగాన్ని తనలోంచి పోనిస్తుంది కాబట్టి సుడి బలహీనపడుతుంది, దాని ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి నెమ్మదిస్తుంది. తేడా చూడాలంటే కర్రకు 30 సెంటీమీటర్లు, మీటరు, మీటరున్నర ఎత్తుల్లో మూడు రిబ్బన్లు కట్టి మిద్దె మీద నాలుగు చోట్ల నిలబెట్టండి. కింది రిబ్బను పై రిబ్బనుకు ఎదురు దిక్కులో ఎగిరితే అక్కడ సుడి ఉన్నట్టే.

రేకు మీద పడే బరువూ చిన్నది కాదు. గంటకు 72 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 24 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. 6 మీటర్ల పొడవున్న మీటరు ఎత్తు రేకును అది దాదాపు 150 కిలోలతో తోస్తుంది. బట్టలారేసే కమ్మీలకు తీగతో కట్టిన రేకు దానికి నిలవదు, ఊడితే కింద నడిచేవాళ్ల మీద పడుతుంది. నెట్ మీద ఒత్తిడి తక్కువే అయినా దాన్నీ గోడలోకి దించిన బోల్టులకే కట్టాలి.

పెద్ద తొట్టిలో పెంచిన చిన్న చెట్టు ఈ రెండు పనులూ చేస్తుంది, కానీ దాని నుంచి ఎక్కువ ఆశించకూడదు. దాని కింద గాలి వేడి తగ్గేది ఒకటి రెండు డిగ్రీలే. అసలు లాభం నీడ వల్ల గచ్చు, గోడ కాలకపోవడం. అందుకని దాన్ని మిద్దె మధ్యలో కాకుండా, తూర్పు గోడకు మీటరున్నర పడమరగా, సాయంత్రం నీడ గోడ మీద పడేలా పెట్టాలి.

చలికాలం ఉన్నచోట ఇదే గోడ మేలు చేస్తుంది. మబ్బులేని చలిరాత్రి తెరిపిలో ఉన్న కుండీల కన్నా ఆ గోడ వారనున్నవి వెచ్చగా ఉంటాయి. కాబట్టి నెట్‌ను శాశ్వతంగా బిగించకుండా కొక్కేలకు తగిలించండి. చలి మొదలవగానే దాన్ని తీసేసి, కుండీలను మళ్లీ గోడకు జానెడు దూరంలోకి జరపవచ్చు.