ధ ఉన్నచోట థ ఉండి తీరాలా?

భాషాశాస్త్రం కాస్త చదివినవాళ్ల నోట ఒక మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. "ఆ భాషలో అలా ఉండటం అసాధ్యం, యూనివర్సల్ ఒప్పుకోదు" అంటారు. యూనివర్సల్ అంటే అన్ని భాషలకూ వర్తిస్తుందని చెప్పే సూత్రం. ఒప్పుకోకపోవడానికి అదేమైనా చట్టమా? మొన్న మళ్లీ ఇదే వాదన ధ గురించి వచ్చింది, థ లేకుండా ధ ఉన్న భాష ఉండనే ఉండదని. అప్పుడు నోరు మూసుకుని కూర్చున్నాను, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

త, థ, ద, ధ. నాలుగూ పక్కపక్కనే వల్లించి నేర్చుకున్నాం కాబట్టి అన్నీ సమానమే అనిపిస్తుంది. లోకంలోని భాషలకు మాత్రం అవి సమానం కావు. త, ద రెండే ఉన్న భాషలు కొల్లలు. మాండరిన్‌లో త, థ ఉన్నాయి, ద లేదు. ప్రాచీన గ్రీకులో త, థ, ద మూడూ ఉండేవి. హిందీ, మరాఠీ, బెంగాలీల్లో నాలుగూ ఉన్నాయి. కానీ త, ద, ధ ఉండి థ మాత్రం లేని భాష కావాలంటే వెతుక్కోవాల్సిందే. ఈ సంగతిని రోమన్ యాకబ్‌సన్ 1957లో ఓస్లోలో జరిగిన భాషావేత్తల మహాసభలో సూత్రంగా చెప్పాడు: త, ద జంటకు ధని చేర్చుకున్న ఏ భాషా థ లేకుండా లేదు. ఇలా ఇంకో ధ్వని ఆసరా ఉంటేనే కనిపించే అరుదైన ధ్వనిని 'మార్క్‌డ్' అంటారు.

ఇంతవరకు నాకు పేచీ లేదు. పేచీ అంతా 'ఎందుకు' దగ్గర. ఎవరిని అడిగినా "ధ పలకడం కష్టం కదా" అంటారు. కష్టమే. ద పలికేటప్పుడు నాలుక దారి మూసేస్తుంది, ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి నోట్లో పోగవుతుంది. స్వరతంత్రులు కంపించాలంటే కింద గాలి ఒత్తిడి పైన ఉన్నదానికంటే ఎక్కువగా ఉండాలి. నోరు నిండేకొద్దీ ఆ తేడా తగ్గిపోయి కంపనం ఆగిపోతుంది. గ విషయంలో నాలుక వెనక మిగిలే జాగా మరీ చిన్నది, అది ఇంకా త్వరగా నిండుతుంది. థాయ్ భాషలో బ, ద ఉన్నా గ లేకపోవడానికి దీన్నే కారణంగా చెబుతారు. ఇక ధ దగ్గరికి వస్తే తంత్రులు కంపించాలి, అదే సమయంలో కాస్త తెరుచుకుని గాలిని ధారాళంగా వదలాలి కూడా. కంపించడానికి దగ్గరగా ఉండాలి, గాలి వదలడానికి దూరం జరగాలి. రెండూ ఒకేసారి కుదరడం తేలిక కాదు.

సరే, దీంతో ఏం తేలింది? ధ అరుదుగా ఎందుకు ఉంటుందో తేలింది. ధ ఉన్నచోట థ ఎందుకు ఉండాలో తేలలేదు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు, జనం మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికీ చెప్పేశామనుకుంటారు.

రెండోదానికి చెప్పే జవాబు వేరు. నాదం, అంటే స్వరతంత్రుల కంపనం, ఒక స్విచ్; ఒత్తు, అంటే ధారాళంగా వదిలే గాలి, ఇంకో స్విచ్ అనుకోండి. ద అంటే మొదటిది వేయడం, థ అంటే రెండోది వేయడం, ధ అంటే రెండూ కలిపి వేయడం. రెండూ కలిపి వాడే భాష, ఒత్తు ఒక్కటే వేస్తే చవకగా దొరికే థని వదిలేయడం వింత. వినడానికి బాగుంది. కానీ థలోని ఒత్తూ ధలోని ఒత్తూ ఒకే స్విచ్ అని ముందే ఒప్పుకుంటేనే ఈ వాదన నిలబడుతుంది. 1964లో లిస్కర్, అబ్రామ్సన్ 11 భాషల్లో నాలుక విడుదలకూ నాదం మొదలవడానికీ మధ్య కాలాన్ని కొలిచారు. త, థ, ద ఆ కొలతలో చక్కగా విడిపోతాయి. హిందీ ద, ధ మాత్రం విడిపోలేదు, రెండింటిలోనూ నాదం విడుదలకు ముందే మొదలవుతుంది. థలో ఒత్తు అంటే నాదం ఆలస్యం కావడం. ధలో ఒత్తు అంటే విడుదల తర్వాత గాలి కలిసిన గుసగుస నాదం. మనం రెండింటికీ ఒకే పేరు పెట్టుకున్నాం, అంతే.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. సంస్కృతం, గ్రీకు, రష్యన్ లాంటి భాషలకు తల్లి అనదగిన ఇండో-యూరోపియన్ మూలభాషకు పాత పండితులు త, థ, ద, ధ నాలుగు వరసలూ ఇచ్చారు. సంస్కృతంలోని థ చాలా చోట్ల త తర్వాత ఉండి మాయమైన ఒక గొంతు ధ్వని వల్ల పుట్టిందని తర్వాత తేలింది. సంస్కృతంలో 'పృథు', గ్రీకులో 'ప్లతుస్'. అక్కడ త, ఇక్కడ థ. దాంతో మూలభాషలో థ ఎగిరిపోయి త, ద, ధ మిగిలాయి. అంటే సరిగ్గా యాకబ్‌సన్ లేదన్న వ్యవస్థే! 1973లో గమ్‌క్రెలిద్జే, ఇవానోవ్ ఒకవైపు, హాపర్ ఇంకోవైపు, అసలు ఆ ద ద కాదు, కంఠం బిగించి పలికే 'ఎజెక్టివ్' అని ప్రతిపాదించారు. మూలభాషలో బ దాదాపు లేకపోవడానికి కూడా అది కారణం చూపించింది, ఎందుకంటే ఎజెక్టివ్‌లలో తరచుగా లోపించేది పెదవుల ధ్వనే. తెలివైన ఆలోచనే, కాదనను. ఇప్పటికీ ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు.

నాకు తోచేది ఇంకొకటి. త, ద, ధ నిలకడ లేని వ్యవస్థ అనుకుందాం. అప్పుడు వారస భాషలు దాన్ని ఎలాగోలా సర్దుకోవాలి కదా? సర్దుకున్నాయి కూడా. సంస్కృతం ధని ఉంచుకుని థని కొత్తగా తెచ్చుకుంది. గ్రీకు నాదం వదిలేసి ధని థ చేసుకుంది, మన 'ధూమ' వాళ్ల 'థూమోస్'. స్లావిక్ భాషలు ఒత్తు వదిలేశాయి, రష్యన్‌లో పొగ 'దిమ్'. అంటే ఆ సూత్రం మూలభాషలో అలాంటి వ్యవస్థ ఉండకూడదని చెప్పడం లేదు, ఎక్కువ కాలం నిలవదని చెబుతోంది. ఉండటం, నిలవడం ఒకటే అనుకుని 'అసాధ్యం' అనేవాళ్లతోనే నా గొడవ.

పైగా మినహాయింపు కూడా దొరికింది. బోర్నియోలోని కెలబిట్ భాషలో ప, బ, భ; త, ద, ధ; క, గ, ఘ ఉన్నాయని, థ లాంటివి లేవని 1970ల్లో రాబర్ట్ బ్లస్ట్ చూపించాడు. వెంటనే "అవి అసలైన ధలు కావు, నాదంతో మొదలై నాదం లేకుండా ముగుస్తాయి" అన్న జవాబు వచ్చింది. పలుకుబడి వరకు అది నిజమే. కానీ చూడండి, సూత్రం చెప్పేటప్పుడు ధ అంటే 'నాదం, ఒత్తు ఉన్నది' అని వదులుగా చెప్పి, మినహాయింపు రాగానే నిర్వచనం బిగిస్తే ఆ సూత్రం ఎప్పటికీ ఓడదు. ఓడిపోయే వీలు లేని సూత్రం గెలిచిందని ఎలా అనుకోవాలి?

మనకు ఇంకా దగ్గర్లో ఒక ఉదాహరణ ఉంది. 'కథ'ని 'కధ' అనీ, 'అర్థం'ని 'అర్ధం' అనీ రాసేవాళ్లు ఎంతమందో లెక్కలేదు. అది రాతలో తప్పే కాదు, పలకడంలోనూ చాలామందికి థ వెళ్లి ధలో కలిసిపోయింది. వాళ్లకు త వర్గంలో మిగిలింది త, ద, ధ. నిషిద్ధ వ్యవస్థ మన నోట్లోనే! ఈ మాట అనేసి మురిసిపోదామనుకున్నాను. కానీ అవే మనుషులు మామూలు మాటల్లో ధని కూడా దగా పలుకుతారేమో? అప్పుడు మిగిలేవి త, ద రెండే, మినహాయింపు ఆవిరి.

చెవిని నమ్మితే లాభం లేదు, అక్షరం తెలిసిన చెవి అక్షరాన్నే వింటుంది. అందుకే నా గొంతే రికార్డు చేసి, ధ్వనిని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్ చూశాను. 'కథ', 'బాధ', 'గద' మూడూ ఒకసారి చదివాను, ఇంకోసారి మామూలుగా మాట్లాడుతూ వాటిని వాడాను. చదివినప్పుడు 'బాధ'లో విడుదల తర్వాత అచ్చు మొదట్లో గరగరమన్న గాలి స్పష్టంగా ఉంది, కింద నాదం గీతలు తెగలేదు. 'కథ'లో కూడా అచ్చం అదే ఉంది, నాదం ఎక్కడా ఆగలేదు. మాట్లాడినప్పుడు మూడింటిలోనూ గాలి లేదు, మూడూ ద. అంటే త, ద, ధ నాకు చదివేటప్పుడు మాత్రమే ఉన్నాయి, మాట్లాడేటప్పుడు లేవు. వీటిలో దేన్ని 'నా భాష'గా లెక్కలోకి తీసుకోవాలో యాకబ్‌సన్ సూత్రం చెప్పదు.