ఆవకాయ సీజన్: మూసేసిన మర్నాడు ఏం మిగులుతుంది?

సీజన్ వ్యాపారం అనగానే అందరూ లాభం ఎంతని అడుగుతారు. నేనైతే మూసేసిన మర్నాడు ఇంట్లో ఏ సరుకు మిగిలి ఉంటుందో ముందు చూస్తాను. దీపావళి టపాసుల షాపులో నాలుగు రోజుల్లో మంచి డబ్బే కనిపిస్తుంది, కానీ పండగ సాయంత్రం వాన పడిందంటే, ఆ తాత్కాలిక లైసెన్సు గడువు అయిపోయాక మిగిలిన పెట్టెలు ఇంట్లో దాచుకోవడానికి కూడా వీల్లేదు. వినాయకుడి బొమ్మల్ని చవితి దాటాక అడిగేవాడే ఉండడు.

ఆ లెక్కన విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో ఆర్డరు మీద ఆవకాయ పెట్టివ్వడం నాకు అన్నిటికన్నా నయంగా కనిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇళ్లు, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న పిల్లలు, జులై, ఆగస్టుల్లో అమెరికా బయల్దేరే విద్యార్థులు... గిరాకీకి వెతుక్కోనక్కర్లేదు.

పది కిలోల ముక్కలకి లెక్క వేద్దాం. ధరలు రోజుకోలా ఉంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపే. కొత్తపల్లి కొబ్బరి లాంటి పుల్లటి, పీచున్న కాయలు పదిహేను కిలోలు 600, కొట్టించడానికి 100, కారం రెండు కిలోలు 600, ఆవపిండి రెండు కిలోలు 300, ఉప్పు, మెంతులు, వెల్లుల్లి కలిపి 200, నువ్వుల నూనె నాలుగు లీటర్లు 1,600. మొత్తం 3,400 రూపాయలకి సుమారు 19 కిలోల పచ్చడి వస్తుంది. అంటే కిలో 180, డబ్బాతో 210. నాలుగొందలకి అమ్మితే కిలోకి 190 మిగులుతుంది, అందులోంచి సాయానికి వచ్చినవాళ్ల కూలి తీసేయాలి. ఖర్చులో దాదాపు సగం నూనెదే కాబట్టి ఆర్డరు తీసుకునేటప్పుడే సగం డబ్బు అడ్వాన్సుగా అడగండి, మొహమాటపడితే నూనె డబ్బులు మీ జేబులోంచి పోతాయి.

దెబ్బతినేది మాత్రం తడి దగ్గర. మన ఊరి సముద్రపు గాలికి ఉప్పు కూడా చెమ్మ పట్టేస్తుంది, దాన్ని ఎండబెట్టే వాడాలి. ప్రతి ముక్కకీ టెంక ఉండాలి, జీడి తీసేశాక లోపలి పల్చటి పొర కూడా ఊడదీసి పొడిగుడ్డతో తుడవాలి. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు అసలు సంగతి తెలిసిపోతుంది: నూనె పైకి తేలకపోతే ఇంకాస్త పొయ్యాలి, ఉప్పు తగ్గితే అప్పుడే కలపాలి, బుడగలొచ్చి పులిసిన వాసన వేస్తే ఆ జాడీని అమ్మకండి. ఈ మూడో రోజు దాటకుండా డబ్బాల్లో సర్దేసే తొందరే చాలామందిని ముంచుతుంది, ఎందుకంటే బూజు పట్టేది కొన్నవాళ్లింట్లో, పోయేది మీ పేరు.

వానలు మొదలయ్యాక కాయ మెత్తబడుతుంది, అప్పుడొచ్చిన ఆర్డర్లు ఎంత పెద్దవైనా వద్దనడమే మంచిది. మిగిలిన కారం, ఆవపిండి ఇంట్లో వాడుకోవచ్చు, అద్దె షాపు లేదు, మెషీను లేదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఒకటి మాత్రం చేయించుకోవాలి.