ఖాతాలో 18 లక్షలుంటే జీతాలకి చందాలెందుకు?

"ట్రస్టు ఖాతాలో 18 లక్షలు మూలుగుతున్నాయి. అయినా టీచర్ల జీతాలకి డబ్బుల్లేవని మళ్లీ చందాలు అడుగుతున్నారు. డబ్బు మీద పేరు రాసుంటుందా? అన్నీ మంచి పనులే కదా, ఎందులోంచి తీస్తే ఏంటి? ఈ నిధి వేరు, ఆ నిధి వేరు అనేదంతా లెక్కలు దాచడానికి ఆడిటర్లు నేర్పిన మాట. అందరికీ పంపండి."

శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ కొన్నాళ్లుగా తిరుగుతోంది. నేను ఈ జిల్లాలో చిన్న ట్రస్టులకి లెక్కలు రాస్తాను. ఈ ట్రస్టు పుస్తకాలు కూడా చూశాను కాబట్టి ఒక్కో మాటకీ జవాబు చెబుతాను.

మొదట ఆ 18 లక్షల సంగతి. అంకె నిజమే. అందులో 6 లక్షలు కార్పస్, అంటే అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే వాడుకోండని దాతలు రాసిచ్చిన సొమ్ము. అది ఎఫ్‌డీలో ఉంది. 7 లక్షల 40 వేలు ఉద్దానం ఊళ్ల నుంచి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే కిడ్నీ రోగుల వ్యాను ఖర్చులకి వచ్చింది. వ్యానుకి నెలకి 60 వేలు అవుతోంది. ఆ లెక్కన ఏడాదికి కాస్త పైన వస్తుంది. మరో 3 లక్షల 50 వేలు బడి పైకప్పు కోసం ఇచ్చారు. ఇవన్నీ తీసేస్తే ట్రస్టు తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకోగలిగింది 1 లక్షా 10 వేలు. సాయంత్రం బడికి జీతాలు, అద్దె, కరెంటు కలిపి నెలకి 45 వేలు. రెండున్నర నెలలు కూడా గడవదు. వాళ్లు చందా అడిగింది అందుకే.

నోటు మీద పేరు ఉండదు, నిజమే. పేరు ఉండేది రశీదు మీద. ఈ ట్రస్టు రశీదు పుస్తకంలో మొత్తం కింద "దేని కోసం" అని ఒక గీత ఉంటుంది. అక్కడ "డయాలసిస్ వ్యాను" అని రాసి సంతకం పెట్టి ఇచ్చారంటే, ఇచ్చినవాళ్లకి ట్రస్టు మాటిచ్చినట్టే. ఆ రశీదు అంకె లెక్కల పుస్తకంలో వ్యాను నిధి పేజీకి వెళ్తుంది. తర్వాత డీజిల్‌కి, డ్రైవరుకి డబ్బు కట్టిన ప్రతి ఓచరు మీదా అదే నిధి పేరు రాసి, అదే పేజీలో తగ్గిస్తారు. బ్యాంకు ఖాతా ఒక్కటే అయినా ఫర్వాలేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. నిధికో బ్యాంకు ఖాతా తెరవాలని కాదు, నిధికో పేజీ ఉండాలి. నెలాఖరున అన్ని పేజీల నిల్వలు కూడితే బ్యాంకులో, ఎఫ్‌డీల్లో, చేతిలో ఉన్న మొత్తానికి సరిపోవాలి. ఇవ్వాల్సిన బిల్లులు, ఇచ్చిన అడ్వాన్సులు ఉంటే వాటినీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక ఎందులోంచి తీస్తే ఏంటి అన్న మాట. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ పని జరిగితే ఏమవుతుందో నా కళ్లతో చూశాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు వరసల వరసలుగా పడిపోయాయి. నేను అప్పట్లో లెక్కలు రాసే ఒక ట్రస్టు కొబ్బరి మొక్కలు ఇస్తామని చందాలు అడిగింది. మొక్క, గొయ్యి, ఎరువు, రవాణా అన్నీ కలిపి మొక్కకి 200 రూపాయల చొప్పున 6 లక్షలు వచ్చాయి, అంటే 3,000 మొక్కలకి. కానీ మొక్కలు నాటేది వానలు పడ్డాక, జూన్‌లో. అన్ని నెలలు ఆ డబ్బు బ్యాంకులో కదలకుండా ఉండాల్సిందే. బయటివాళ్లకి అది మూలుగుతున్నట్టే కనిపిస్తుంది.

డిసెంబరుకి ట్రస్టు సొంత డబ్బు అయిపోయింది. కార్యదర్శి గారు మంచి మనిషే. "జీతాలు ఆపలేం కదా, ఇందులోంచి ఇచ్చేద్దాం, మళ్లీ వేసేద్దాం" అన్నారు. నెలకి 35 వేలు. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలు. అప్పుడు అంతా ఒకే చిట్టాలో రాసేవాళ్లం. డిసెంబరు ఆఖరున చిట్టా నిల్వ 5,65,000. చూస్తే ఎవరికీ టెన్షన్ రాదు. అదే నిధులకి వేర్వేరు పేజీలుంటే మొక్కల పేజీలో 6,00,000, సాధారణ నిధి పేజీలో మైనస్ 35,000 కనిపించేది. ఆ మైనస్సే మొక్కల డబ్బు జీతాలకి పోతోందని మొదటి నెలలోనే చెప్పేది. నేను ఆ పేజీలు వేరు చేయలేదు. ఆ తప్పు నాది కూడా.

మే ఆఖరుకి 3,90,000 మిగిలింది. 1,950 మొక్కలు వచ్చాయి. 1,050 మొక్కలు తక్కువ. మళ్లీ వేసేద్దామన్న డబ్బు ఎక్కణ్ణుంచీ రాలేదు. కవిటి వైపు ఒక ఊళ్లో ఒక పెద్దాయన జాబితా కాగితం మీద తన పేరు చూపించి, "మా పేరు రాసుకున్నారు కదా బాబూ, మరి మొక్కలేవి?" అని అడిగారు. ఆయన చేత గోతులు కూడా తవ్వించాం. బడి నడపడమూ మంచి పనే. కానీ అది ఆ గోతుల్లో మొక్కలు పెట్టలేదు.

నిధి మార్చడం అసలు కుదరదని నేననను. ఇచ్చినవాళ్లనే అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకుంటే, తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాసి మార్చుకోవచ్చు. మేము తర్వాత అదే చేశాం. దాతలందరికీ జరిగింది చెప్పాం. కొందరు సరేనన్నారు, కొందరు కోప్పడ్డారు. కోప్పడినవాళ్ల తప్పేమీ లేదు. ఆ సంవత్సరం మిగిలిన సొమ్ము ఎందుకు దాస్తున్నామో ఆదాయపు పన్ను వాళ్లకి రాసిచ్చే కాగితంలో "కొబ్బరి మొక్కలకి" అని రాయాల్సిన ట్రస్టు, అప్పటికే అందులో కొంత జీతాలకి వాడేసి ఉంటే ఏ ముఖం పెట్టుకుని రాస్తుంది?

ఆడిటర్లు నేర్పిన మాట అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2021-22 నుంచి ట్రస్టులు పన్ను మినహాయింపు ఉన్న చందాల వివరాలు ఏటా ఆదాయపు పన్ను శాఖకి ఒక ఫారంలో ఇస్తున్నాయి. అందులో ఒక్కో చందా పక్కన అది కార్పసా, ఫలానా పనికి ఇచ్చిన గ్రాంటా, మామూలు చందానా అని చెప్పాలి. 2021 ఏప్రిల్ నుంచి కార్పస్ సొమ్ముకి పన్ను మినహాయింపు కావాలంటే దాన్ని చట్టం చెప్పిన పెట్టుబడుల్లో కార్పస్ పేరు మీదే విడిగా ఉంచాలి.

అయినా దాస్తున్నారని అనుమానం ఉంటే, ట్రస్టుని ఒక్క కాగితం అడగండి. ఒక్కో నిధికి ఏడాది మొదట్లో ఎంత ఉంది, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, చివర్లో మొత్తం. ఆ మొత్తం బ్యాంకు స్టేట్‌మెంటుతో, ఎఫ్‌డీ రశీదులతో, చేతిలో ఉన్న నగదుతో కలవకపోతే నిలదీయండి. ఏ నిధయినా మైనస్‌లో ఉంటే అది ఎవరి డబ్బు తిన్నదో అడగండి. పైకప్పు నిధి మూడేళ్లుగా రూపాయి కదలకపోతే, పైకప్పు వేసే ఉద్దేశం ఉందా లేదా అని అడిగే హక్కు ఇచ్చినవాళ్లకి ఉంది. "బదిలీ" అని ఒక నిధి నుంచి ఇంకో నిధికి పోయిన పద్దు కనిపిస్తే దాని తీర్మానం చూపించమనండి. ఇవన్నీ నిధులు వేరుగా రాస్తేనే అడగగలిగే ప్రశ్నలు. ఒకే సంచిలో కలిపేస్తే అడగడానికి ఏమీ మిగలదు.

టీచర్ల జీతాలకి ఇబ్బంది రాకూడదని నిజంగా అనిపించినవాళ్లు ఈసారి రశీదు మీద "దేని కోసం" అన్న గీత దగ్గర "ట్రస్టు అవసరాలకి" అని రాయించండి. మీ డబ్బు ఆ నెల జీతాలకి వెళ్తుంది, వ్యాను నిధి జోలికి ఎవరూ పోనక్కర్లేదు.